ఫోటోలో వచ్చిన ప్రశ్నపత్రం: (A), (i), మళ్ళీ (A) – ఏ జవాబు దేనిది?

ప్రశ్న: "సార్, నేను మంచిర్యాలలో పని చేస్తున్నాను. మా చెల్లి సిరొంచ దగ్గర మా ఊళ్ళో పదో తరగతి, సెమీ ఇంగ్లీష్. మ్యాథ్స్ ప్రాక్టీస్ పేపర్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతుంది, నేను జవాబులు టైప్ చేసి పంపుతాను. మొదటి ప్రశ్నకి '1. A 2. B 3. D 4. C' అని పంపితే ఒక జవాబు తక్కువ వచ్చింది అన్నయ్యా అంటోంది. రెండో ప్రశ్నలో తను నాలుగూ కరెక్ట్‌గా చేశానంటోంది, నేను దిద్దితే రెండు తప్పు వస్తున్నాయి. ఫోటోలో (ii), (iii) సరిగ్గా కనపడవు కూడా. ఏ జవాబు దేనికో గందరగోళం లేకుండా ఎలా జత చేయాలి?"

జవాబు:

తమ్ముడూ, నాకు తెలిసి మీ ఇద్దరిలో ఎవరికీ లెక్క తప్పి ఉండదు. తప్పిపోయింది లేబుల్.

ముందు ఆ తక్కువ పడిన జవాబు సంగతి. మహారాష్ట్ర బోర్డు పదో తరగతి మ్యాథ్స్ పేపర్‌లో మొదటి ప్రశ్న 1 (A), 1 (B) అని రెండు భాగాలు. 1 (A)లో నాలుగు ఆప్షన్ ప్రశ్నలు (i) నుంచి (iv) దాకా ఉంటాయి. ఒక్కోదాని కింద మళ్ళీ (A), (B), (C), (D) అని నాలుగు ఆప్షన్లు. అంటే ఒకే పేజీలో, రెండు మూడు అంగుళాల దూరంలో, A అనే అక్షరం రెండు వేర్వేరు పనులు చేస్తోంది. ఒకచోట భాగం పేరు, ఇంకోచోట ఆప్షన్ పేరు. నువ్వు "1. A" అని పంపావు. నీ మనసులో దానికి అర్థం "మొదటి ఉపప్రశ్నకి ఆప్షన్ A". మీ చెల్లి కాగితం మీద మాత్రం సరిగ్గా అదే గుర్తు ప్రశ్న పైన అచ్చై ఉంది. తను దాన్ని హెడ్డింగ్‌గా చదివి ఉంటుంది. ఇక మిగిలింది B, D, C మూడే. వాటిని (i), (ii), (iii)కి వరసగా వేసుకుంటే (iv)కి ఏమీ మిగలదు. నాలుగింట్లో ఒక్కటి పోయిందని తను అనుకుంటోంది గానీ, నిజానికి ఈ లెక్కన నాలుగూ పోయినట్టే.

నువ్వు ఇచ్చిన నాలుగు అక్షరాలకు సరిపోయేలా నేనే ఒక 1 (A) తయారు చేసి చూపిస్తాను.

(i) క్రేమర్ పద్ధతిలో D_x = 24, D = 6 అయితే x ఎంత? ఆప్షన్లు: (A) 4, (B) 6, (C) 18, (D) 144.

(ii) 3, 7, 11, … ఈ అంకశ్రేఢిలో పదాంతరం ఎంత? ఆప్షన్లు: (A) 3, (B) 4, (C) 7, (D) 11.

(iii) x² − 5x + 6 = 0 మూలాల మొత్తం ఎంత? ఆప్షన్లు: (A) −6, (B) −5, (C) 6, (D) 5.

(iv) పాచిక ఒకసారి వేస్తే ప్రధాన సంఖ్య పడే సంభావ్యత ఎంత? ఆప్షన్లు: (A) 1/6, (B) 1/3, (C) 1/2, (D) 2/3.

జవాబులు A, B, D, C. ఇప్పుడు మొదటి రెండూ చూడు. (i)కి జవాబు 4, (ii)కీ జవాబు 4. విలువ ఒకటే, అక్షరం వేరు. అక్షరాలు మానేసి "4, 4, 5, 1/2" అని విలువలు మాత్రమే పంపితే ఇబ్బంది తీరుతుందని చాలామంది అనుకుంటారు. కానీ పరీక్షలో రాయాల్సింది అక్షరమే. బోర్డు పేపర్ మొదటి పేజీలో సూచనలుంటాయి, వాటిని పిల్లలు చదవరు. 1 (A)లో ప్రతిదానికీ సరైన ఆప్షన్ అక్షరాన్ని ఉపప్రశ్న నంబరు పక్కన రాయాలనీ, ఆప్షన్ ప్రశ్నల్లో మొదట రాసిన జవాబునే లెక్కలోకి తీసుకుంటామనీ అక్కడే ఉంటుంది. కొట్టేసి పక్కన రెండోసారి సరిగ్గా రాసినా దానికి మార్కు రాదు. కాబట్టి ఈ జారుడు ఇంట్లో చేసే ప్రాక్టీస్‌లోనే ఆగిపోవాలి.

పంపేటప్పుడు ప్రతి జవాబుకీ పూర్తి చిరునామా ఇవ్వు. ఊరు పేరొక్కటే రాసిన ఉత్తరం చేరదు కదా, తాలూకా, జిల్లా కూడా ఉండాలి. ఇక్కడ ప్రశ్న నంబరు, భాగం, ఉపప్రశ్న అనే మూడూ ఒక్క ముక్కగా అతుక్కుని ఉండాలి. తర్వాత కాస్త ఖాళీ వదిలి ఆప్షన్ అక్షరం, ఆ పక్కన విలువ. ఒక జవాబుకి ఒక లైను.

```
1(A)(i)     A    4
1(A)(ii)    B    4
1(A)(iii)   D    5
1(A)(iv)    C    1/2
```

ఆ ఖాళీ చాలా ముఖ్యం. "1A iA" అని దగ్గర దగ్గరగా టైప్ చేస్తే మళ్ళీ పాత కథే. అక్షరం, విలువ రెండూ ఎందుకంటే, ఒకటి ఇంకోదానికి కాపలా. నువ్వు "B 4" అని పంపినప్పుడు తన కాగితంలో B దగ్గర 7 కనిపిస్తే, తను తప్పు ప్రశ్న దగ్గర ఉందనో, నువ్వు వేరే సెట్ చూస్తున్నావనో ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. ఉత్త "B" పంపితే ఏ ప్రశ్న పక్కన పెట్టినా నిజమే అనిపిస్తుంది, ఎందుకంటే ప్రతి ప్రశ్నకీ ఒక B ఉంటుంది.

ఇక రెండో ప్రశ్న. నువ్వు చెప్పిన లక్షణం చూస్తే నాకు వెంటనే తట్టింది ఒకటే కారణం. 2 (B)లో ఐదు ఉపప్రశ్నలిచ్చి ఏవైనా నాలుగు చేయమంటారు. ఒక్కోదానికి రెండు మార్కులు, మొత్తం ఎనిమిది. పిల్లలు ఒకటి వదిలేసి, చేసిన నాలుగింటికి నోటుబుక్‌లో 1, 2, 3, 4 అని సొంత నంబర్లు వేసుకుంటారు. ఉదాహరణకి పేపర్‌లో ఇలా ఉందనుకో:

(i) x + y = 9, x − y = 3 సాధించండి. (ii) x² + 2x − 15 = 0 సాధించండి. (iii) 4, 9, 14, … శ్రేఢిలో 20వ పదం ఎంత? (iv) రెండు నాణేలు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత ఎంత? (v) 2,000 రూపాయల సరుకు మీద 18% జీఎస్టీ అయితే కేంద్రానికి వెళ్ళే వాటా ఎంత?

వీటి జవాబులు వరసగా x = 6, y = 3; ఆ తర్వాత x = 3 లేదా −5; తర్వాత 99, 3/4, 180 రూపాయలు. ఇప్పుడు నీకు వచ్చిన నోటుబుక్ ఫోటోలో ఇలా ఉంటుంది:

```
1)  x = 6, y = 3
2)  x = 3, x = -5
3)  3/4
4)  180
```

నువ్వు నంబరుకి నంబరు పెట్టి దిద్దితే మొదటి రెండూ కుదురుతాయి. మూడో దగ్గర 99 ఉండాలి, 3/4 ఉంది, తప్పు. నాలుగో దగ్గర 3/4 ఉండాలి, 180 ఉంది, తప్పు. ఎనిమిదికి నాలుగు మార్కులు. నిజానికి తను (iii) వదిలేసి మిగతా నాలుగూ సరిగ్గా చేసింది, ఎనిమిదికి ఎనిమిది.

దీన్ని పసిగట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, తప్పులు పడిన తీరు చూస్తే చాలు. మొదట్లో కొన్ని కుదిరి, ఒక చోట నుంచి చివరిదాకా అన్నీ తప్పుతూ, ప్రతి జవాబూ నీ జాబితాలో ఒక మెట్టు కింద దొరుకుతోందంటే మధ్యలో ఒకటి వదిలేసిందన్నమాట. అదే అన్నీ సరిపోయి, పక్కపక్కనున్న రెండే తారుమారైతే, (ii), (iii) లాంటి లేబుళ్ళు ఫోటోలో ఒకేలా కనిపించి ఉంటాయి. రాత్రి పూట అలసిపోయిన పిల్లలు (iv)నీ (vi)నీ కూడా ఇలాగే మార్చేస్తారు. మొదటి నుంచి చివరిదాకా ఒక్కటీ కుదరకపోతే లేబుళ్ళ మీద టైమ్ పెట్టకు. అది వేరే సెట్ పేపర్‌దో, వేరే పేజీదో అయి ఉంటుంది. మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న రెండూ ఫోన్‌లో చదివించుకుంటే అర నిమిషంలో తేలిపోతుంది.

జవాబు రూపం కూడా అది ఏ ప్రశ్నదో చెబుతుంది. సంభావ్యత ఎప్పుడూ సున్నాకీ ఒకటికీ మధ్యే ఉంటుంది కాబట్టి 180 ఏ జన్మలోనూ (iv)కి జవాబు కాదు. జంట సమీకరణాలకి x, y రెండూ రావాలి. వర్గ సమీకరణానికి x విలువలు రెండు రావచ్చు, y రాదు. 4, 9, 14 శ్రేఢిలో ప్రతి పదం చివర 4 గానీ 9 గానీ ఉంటుంది, కాబట్టి 99 అందులోదే అయ్యుండొచ్చు, 180 కాదు. x = 3, −5 ఎక్కడిదని సందేహమొస్తే మొత్తం −2, లబ్ధం −15 కట్టి చూడు, x² + 2x − 15 దానంతటదే బయటపడుతుంది. లేబుల్ చిరిగిపోయినా, వేలి కింద పడిపోయినా ఈ పద్ధతిలో జవాబుని దాని ఇంటికి చేర్చొచ్చు.

అయితే ఈ పద్ధతి చేతులెత్తేసే చోటొకటి ఉంది. ఆర్థిక నియోజన పాఠంలో (a) కేంద్ర జీఎస్టీ ఎంత, (b) రాష్ట్ర జీఎస్టీ ఎంత, (c) మొత్తం బిల్లు ఎంత అని అడుగుతారు. పై లెక్కలో (a) 180, (b) 180, (c) 2,360. (a), (b) ఎప్పుడూ సమానమే, సగం సగం కదా. అక్కడ జవాబులు తారుమారైనా అంకెల్ని బట్టి నీకు తెలియదు. మీ చెల్లి ఒకే ఒక 180 రాసి వదిలేసినా, అది (a)దో (b)దో చెప్పలేవు. అలాంటి చోట ప్రతి లైను ముందూ లేబుల్ మాత్రమే కాదు, "కేంద్ర జీఎస్టీ = 180" అని మాటల్లో రాయించు. ఇంకో మాట, ఇలాంటి (a), (b), (c)లకి పైన ఒక ఉమ్మడి వాక్యం ఉంటుంది, సరుకు ధర, పన్ను రేటు అందులోనే ఉంటాయి. ఫోటో రెండు పేజీలుగా విడిపోయి (b), (c) రెండో ఫోటోలోకి పోతే, ఆ ఫోటో పైన "(b) రాష్ట్ర జీఎస్టీ" అని గాల్లో తేలుతూ కనిపిస్తుంది. పేజీ మొదట్లో (b) కనిపిస్తే దాని (a) కిందటి పేజీ అడుగున ఉందని అర్థం. దాన్ని ఆ పేజీలో కొత్తగా మొదలయ్యే ప్రశ్న కింద ఎప్పుడూ కలపకు.

ఇప్పుడు మసక రోమన్ అంకెలు. (ii)నీ (iii)నీ గీతలు లెక్కపెట్టి చదవాలని కళ్ళు చించుకోవద్దు. ఆకారాన్ని కాదు, స్థానాన్ని చూడు. భాగం మొదట్లో "ఏవైనా నాలుగు" లాంటి సూచన, దాని కుడి పక్కన మార్కులు ఉంటాయి. అక్కడి నుంచి తర్వాతి భాగం దాకా ఎన్ని ప్రశ్నలు మొదలయ్యాయో ఎడమ అంచున వేలు పెట్టి లెక్కించు. మూడోది (iii), అంతే, అది ఎలా కనిపించినా సరే. మొత్తం మీద ఎన్ని ఉండాలో ముందే తెలిస్తే ఇంకా ధైర్యం. ఇప్పటి నమూనాలో ఆల్జీబ్రా పేపర్ నలభై మార్కులు. 1 (A)లో నాలుగు, 1 (B)లో నాలుగు, అన్నీ చేయాలి. 2 (A)లో మూడింట్లో రెండు, 2 (B)లో ఐదింట్లో నాలుగు. 3 (A)లో రెండింట్లో ఒకటి, 3 (B)లో నాలుగింట్లో రెండు. నాలుగో ప్రశ్నలో మూడింట్లో రెండు, ఐదులో రెండింట్లో ఒకటి. మార్కులు వరసగా 4, 4, 4, 8, 3, 6, 8, 3, కూడితే 40. 2 (B)లో నీకు నాలుగే కనిపిస్తున్నాయంటే ఒకటి మడతలోనో, ఫోటో బయటో ఉంది. లెక్క సరిపడే దాకా జవాబులు రాయడం మొదలెట్టకు.

కుడి అంచున ఉండే మార్కుల అంకె కూడా ఒక ఉచ్చే. ఫోటో వంకరగా తీస్తే "8" అనేది పక్క లైనుకి జారి, అక్కడ ప్రశ్న నంబరులా కనిపిస్తుంది. ఎడమ అంచున ఉన్నది చిరునామా, కుడి అంచున ఉన్నది మార్కు, అంతే గుర్తు పెట్టుకో.

రోమన్ అంకెకీ ఇంగ్లీషు అక్షరానికీ మధ్య ఇంకో తగాదా ఉంది. (i), (v), (x), (c), (d) ఇవన్నీ రెండు పక్షాల్లోనూ ఉంటాయి. బోర్డు పేపర్‌లో ఉపప్రశ్నలు ఐదు దాటవు కాబట్టి ఇబ్బంది తక్కువ. కానీ ట్యూషన్ వాళ్ళిచ్చే కాగితాల్లో పది ఒక మార్కు ప్రశ్నలు (a) నుంచి (j) దాకా ఉంటాయి. అందులో తొమ్మిదోది (i). దాన్ని రోమన్ ఒకటి అనుకుంటే కొత్త ప్రశ్న మొదలైందనిపిస్తుంది. ఒంటరి లేబుల్‌ని నమ్మొద్దు, ముందూ వెనకా చూడు. ముందు (h), తర్వాత (j) ఉంటే అది తొమ్మిదో అక్షరం. తర్వాత (ii) ఉంటే అది రోమన్ ఒకటి. (h) తర్వాత వచ్చిన (i)తోనే పేజీ ముగిసిపోతే తర్వాతి పేజీ మొదటి లేబుల్ చూడకుండా తేల్చకు, ఎందుకంటే (h) లోపలే (i), (ii) అని చిన్న ముక్కలు కూడా ఉండొచ్చు. ఆ రెండు సందర్భాలకీ తేడా ఎడమ అంచులో దొరుకుతుంది. (h)కి సరిగ్గా కింద, అదే నిలువు గీత మీద ఉంటే తోబుట్టువు, కాస్త లోపలికి జరిగి ఉంటే (h)లోని భాగం. నేను ఏ మసక ఫోటో వచ్చినా ముందు ఈ జరుగుబాటునే చూస్తాను. అక్షరం చెరిగినా చోటు చెరగదు.

ఫోటోలోంచి అక్షరాల్ని ఫోన్‌తో కాపీ చేసి దింపుకునే అలవాటుంటే ఇంకొంచెం జాగ్రత్త. (ii) కాస్తా (11) అయిపోతుంది, (i) ఒక్కోసారి (1) గానో (l) గానో దిగుతుంది. ఆ జరుగుబాటు కూడా పోతుంది, అన్నీ ఎడమ అంచుకి అతుక్కుంటాయి. దింపుకున్న టెక్స్ట్ మీద లెక్క చెయ్యి, లేబుల్ మాత్రం ఫోటోలోంచే చూసి వెయ్యి. ఆప్షన్లు రెండు వరసల్లో అచ్చైనప్పుడు పైన (A), (B), కింద (C), (D) ఉంటాయి. ఫోన్ వాటిని నిలువుగా చదివి A, C, B, D క్రమంలో ఇచ్చేస్తే, క్రమాన్ని నమ్మి రెండోది B అనుకునేవాళ్ళు నాకు తెలిసి చాలామందే ఉన్నారు.

సెమీ ఇంగ్లీష్ అన్నావు కాబట్టి ఇది చెప్పాలి. మ్యాథ్స్, సైన్స్ ఇంగ్లీషులో, మిగతావి మరాఠీలో. అంటే మీ చెల్లి మ్యాథ్స్‌లో A, B, C, D చూసి, మర్నాడు ఇతిహాస్ కాగితంలో మరాఠీ అక్షరాలు చూస్తుంది. మరాఠీలో ఆప్షన్ల వరస అ, బ, క, డ. ఇంగ్లీషు వరసకి జోడీగా వచ్చినట్టుంటుంది, A అంటే అ, B అంటే బ, C అంటే క, D అంటే డ. కాబట్టి తను ఫోన్‌లో "క" అంటే మూడోది. తెలుగు బడిలో చదివిన నీకు క అనగానే క, ఖ, గ, ఘ గుర్తొచ్చి మొదటిది అనిపిస్తుంది. రాయగడ, పర్లాకిమిడి వైపు ఒడియా కాగితాల్లో ఆప్షన్లు క, ఖ, గ, ఘ అని ఉంటే, అక్కడ క అంటే మొదటిదే. ఆ వైపు చుట్టాల పిల్లలకి కూడా నువ్వే చెబుతుంటే రెండూ కలిపేయకు. మరాఠీ కాగితాల్లో దేవనాగరి అంకెలుంటే ఒకటీ తొమ్మిదీ మసకలో అన్నదమ్ముల్లా ఉంటాయి, అక్కడ కూడా ఆకారం కాదు, వరసే చూడు.

సైన్స్‌లో జోడీలు కలపమనే ప్రశ్నలో పైన I, II అని పెద్ద రోమన్ అంకెలుంటే అవి స్తంభాల పేర్లు, ప్రశ్న నంబర్లు కావు. అక్కడ జవాబుని జంటగా, ఎడమ గుర్తు, కుడి గుర్తు, రెండు మాటలూ కలిపి పంపు.

ఇక ఫోటో. మీ వైపు సిగ్నల్ సంగతి నాకు తెలుసు, అహేరి దాటాక ఒక్క ఫోటో వెళ్ళడానికే చాలాసేపు పడుతుంది. అందుకే పిల్లలు రెండు పేజీలు కలిపి ఒకే ఫోటో తీస్తారు. అలా వద్దని చెప్పు. పేజీకి ఒక ఫోటో, కాగితం నాలుగు మూలలూ కనపడాలి, ఫోన్ నిటారుగా పైనుంచి ఉండాలి. కాగితాన్ని పట్టుకునే వేలు ఎప్పుడూ ఎడమ అంచు మీదే పడుతుంది, లేబుళ్ళన్నీ అక్కడే ఉంటాయి. కింద పెట్టి, పై అంచు మీద ఏ స్కేలో పెడితే సరి. వాట్సాప్ మామూలు ఫోటోని నొక్కి చిన్నది చేస్తుంది, (ii)కీ (iii)కీ తేడా పోయేది ఎక్కువగా అక్కడే. అదే ఫోటోని డాక్యుమెంట్‌గా పంపితే తీసింది తీసినట్టే వస్తుంది. అంత డేటా లేకపోతే పేజీ మొత్తం మామూలుగా పంపి, ఎడమ అంచు ఒక్కటీ దగ్గరగా తీసి రెండో ఫోటోగా పంపమను. నీకు కావాల్సింది ఆ సన్నని పట్టీయే. ఫోటోలు వచ్చే క్రమం కూడా నమ్మకం లేదు, పెద్ద పేజీ ఆగిపోయి చిన్నది ముందొస్తుంది. కాగితం మూలన పెన్సిల్‌తో 1, 2 అని రాసి తీయమను.

ఎంత చూసినా లేబుల్ తేలకపోతే ఊహించి వేయకు. ప్రశ్నలోని మొదటి రెండు మాటల్ని చిరునామాగా పెట్టు.

```
2(B)(?)  "రెండు నాణేలు"   3/4
```

తన దగ్గర అసలు కాగితం ఉంది కదా, ఆ మాటలు వెతుక్కుని లేబుల్ తనే పూరిస్తుంది. నువ్వు (iii) అని ధీమాగా రాసి అది (iv) అయితే తను కాగితాన్ని కాదు, నిన్ను నమ్ముతుంది.

వెనక్కి వచ్చేటప్పుడు, అంటే తను చేసినవి నువ్వు దిద్దేటప్పుడు, సొంత నంబర్లు మాన్పించు. నోటుబుక్ మార్జిన్‌లో పేపర్‌లో ఉన్న లేబులే, 2(B)(iv) అని పూర్తిగా రాయాలి. వదిలేసిన ప్రశ్నకి కూడా 2(B)(iii) అని రాసి ఎదురుగా ఒక అడ్డగీత పెట్టించు, జారుడు అక్కడికక్కడే ఆగుతుంది. ఈ అడ్డగీత ఇంట్లో ప్రాక్టీస్ వరకే, బోర్డు జవాబు పత్రంలో అక్కర్లేదు. అక్కడ చేసినవాటికి సరైన లేబుల్ ఉంటే చాలు.

ఒక్క చోట మాత్రం ఇంతవరకు చెప్పిందేదీ పనిచేయదు. 2 (A), 3 (A)లో కృతి పూర్తి చేయండి అని ఇస్తారు, లెక్క సగం చేసి మధ్య మధ్య ఖాళీ పెట్టెలు వదులుతారు. ఆ పెట్టెలకి అక్షరమూ ఉండదు, రోమన్ అంకె కూడా ఉండదు. "2(A)(i) జవాబులు 5, 10, 2" అని పంపితే ఏది ఏ పెట్టెదో తనకి తెలియదు, ఒకే లైన్లో రెండు పెట్టెలుంటే మరీను. అక్కడ పెట్టెలోని అంకెలు పంపొద్దు. కృతి మొత్తం లైను లైనుగా మళ్ళీ రాసి, పూరించిన చోట కింద గీత గీసి ఆ ఫోటో పంపు. తను కూడా జవాబు పత్రంలో అలాగే మొత్తం తిరిగి రాయాలి. పంపే ముందు పేపర్‌లో పెట్టెలు ఎన్ని, నీ రాతలో గీతలు ఎన్ని అని లెక్క చూసుకో. మొన్నటి పేపర్‌లో 3 (A) తను ఏది ఎంచుకుందో, పెట్టెలు ఎలా నింపిందో ఫోటో ఉంటే ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను.